డిసెంబరు 31 రాత్రికి కరిగిపోయే సెలవులు

డిసెంబరు ఆఖరి వారంలో పేరోల్ డెస్క్ దగ్గరికి ఎవరొచ్చినా అడిగే ప్రశ్న ఒక్కటే. పదిహేనేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి, మనిషి తలుపు దగ్గర ఉండగానే ప్రశ్న ఏమిటో తెలిసిపోయేది. 2025 డిసెంబరులోనూ ఒకమ్మాయి వచ్చింది. అమలాపురం దగ్గర పల్లెటూరు వాళ్లది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో మా ఆఫీసులో చేరి ఏడాదిన్నర. వేరే ఉద్యోగం దొరికింది, నెలాఖరుతో వెళ్లిపోతోంది.

"సార్, నాకింకా ఎనిమిది సీఎల్‌లు మిగిలిపోయాయి. వాటికి డబ్బులెంత వస్తాయి?"

"సీఎల్‌కి డబ్బులు రావమ్మా."

"మరి వాడుకోకుండా దాచిపెట్టాను కదా సార్!"

దాచిపెట్టడం అనే మాట దగ్గరే వస్తుంది తిరకాసు. ఆ అమ్మాయి దాచుకోకూడనివి దాచుకుంది, దాచుకోవాల్సినవి ఖర్చుపెట్టేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది చేసేది ఇదే. తప్పు వాళ్లదీ కాదు. చేరిన రోజున చేతిలో పెట్టే ఆ నలభై పేజీల పాలసీలో అన్నిటినీ కలిపి 'లీవ్స్' అని ఒకే మూటలో కట్టి ఇస్తారు. మూట విప్పి చూస్తే లోపల ఉన్న మూడూ మూడు రకాల వస్తువులు.

పేరులోనే ఉంది

ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగులో సీఎల్‌ని ఆకస్మిక సెలవు అంటారు. ఈఎల్‌ని ఆర్జిత సెలవు అంటారు. ఆకస్మికం అంటే అనుకోకుండా వచ్చి పడినది. గ్యాస్ సిలిండర్ వాడు వస్తానన్నాడు, ఇంటాయన తాళం చెవి పోగొట్టాడు, ఊళ్లో పెద్దమ్మ పోయింది. అలాంటి రోజుకి జీతం కోయకుండా ఆఫీసు ఇచ్చే అనుమతి అది. అవసరం పడకపోతే అనుమతికి పనిలేదు, ఏడాది తిరిగితే చెల్లిపోతుంది. సిక్ లీవ్‌ది కూడా ఇదే జాతి. జబ్బు చేయలేదు కాబట్టి డబ్బివ్వండి అని అడగలేం కదా.

ఆర్జితం అలా కాదు. మీరు పని చేసిన రోజుల మీద కూడుకుంటూ వచ్చినది. నెల జీతంతో పాటు ఇవ్వకుండా ఆఫీసు తన దగ్గర ఉంచుకున్న మరో జీతం ముక్క అనుకుంటే లెక్క సులువుగా అర్థమవుతుంది. అందుకే దాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లొచ్చు, మానేసేటప్పుడు డబ్బుగా తీసుకోవచ్చు. కంపెనీల ఖాతాపుస్తకాల్లో కూడా ఇది బాకీ కిందే ఉంటుంది. మీరు వాడని ఈఎల్ అంతా బ్యాలెన్స్ షీట్‌లో కంపెనీ మీకు ఇవ్వాల్సిన మొత్తంగా రాసి ఉంటుంది. వాడని సీఎల్‌కి అక్కడ చోటు లేదు.

ఈ ఒక్క తేడా మనసుకెక్కితే క్యారీ ఫార్వర్డ్, ఎన్‌క్యాష్‌మెంట్ నిబంధనలు బట్టీ పట్టక్కర్లేదు. బాకీ అయినది తర్వాతి ఏడాదికి వెళ్తుంది, అనుమతి అయినది వెళ్లదు. పోర్టల్లో సెలవు పెట్టేటప్పుడు ఏ రకం నొక్కామన్నదే అసలు సంగతి.

చట్టం ఎంత ఇచ్చింది?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దుకాణంలో, ఆఫీసులో పనిచేసేవాళ్లకి వర్తించేది 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అందులో 30వ సెక్షన్ సెలవులది. పన్నెండు నెలల సర్వీసుకి పన్నెండు రోజుల వరకు సీఎల్, జబ్బు చేసినా దెబ్బ తగిలినా మరో పన్నెండు రోజుల వరకు సిక్ లీవ్, అన్నీ జీతంతోనే. ఇవి మొదటి ఏడాది నుంచే ఉంటాయి. ఇవి కాక ఏడాదిలో 240 రోజులకు తక్కువ కాకుండా పనిచేసినవాళ్లకి పదిహేను రోజుల ఆర్జిత సెలవు. దాన్ని అరవై రోజుల వరకు పోగేసుకోవచ్చు. సంస్థను నడిపే పెద్ద మేనేజర్ల సంగతి వేరు, వాళ్లకి ఈ చట్టం పూర్తిగా వర్తించదు. కొత్తగా చేరినవాళ్లు అంత ఎత్తులో ఉండరు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు.

240 అనగానే కొందరు కంగారు పడతారు. ఆదివారాలు పోగా నెలకి ఇరవై ఆరు పనిదినాలు వేసుకుంటే తొమ్మిది నెలల చిల్లర. చాలా కంపెనీలు అన్నాళ్లు ఆగకుండా పదిహేనుని పన్నెండుతో భాగించి నెలకి ఒకటింబావు చొప్పున మొదటి నెల నుంచే జమ వేస్తాయి. ఇది చట్టం కంటే మెరుగే. చట్టం గీసింది కింది గీత, అంతకంటే తక్కువ ఇవ్వడానికి ఏ పాలసీకీ అధికారం లేదు. ఎక్కువ ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

ఫ్యాక్టరీలో చేరినవాళ్ల లెక్క కాస్త వేరుగా నడిచేది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో పనిచేసిన ప్రతి ఇరవై రోజులకి ఒక రోజు సెలవు, దానికి ఏడాదిలో 240 రోజుల పని అర్హత. ముప్ఫై రోజుల వరకే మోసుకెళ్లొచ్చు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ 240 కాస్తా 180 అయింది. అంటే దాదాపు ఏడు నెలలు పనిచేస్తే చాలు. ముప్ఫై రోజుల గీత అలాగే ఉంది గానీ, గీత దాటిన రోజులు మురిగిపోనక్కర్లేకుండా డబ్బుగా అడిగి తీసుకునే హక్కు, ఏడాది చివర్లో కోరితే సెలవుల్ని నగదుగా మార్చుకునే హక్కు కొత్తగా వచ్చి చేరాయి. ఇది కోడ్‌లో 'వర్కర్' అనే నిర్వచనం కిందికి వచ్చేవాళ్లకి. మేనేజర్లు, నెలకి 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు ఆ నిర్వచనంలో లేరు. కోడ్ వచ్చింది కదా అని రాష్ట్రాల షాప్స్ చట్టాలు రద్దయిపోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. రద్దయ్యాయని చెప్పిన హెచ్‌ఆర్ మనిషిని ఒకాయన్ని నేనే చూశాను.

ఒక సంక్రాంతి, ఏడు మామూలు రోజులు

మన అమలాపురం అమ్మాయి దగ్గరికి వద్దాం. 2024 జూలై 1న చేరింది. జీతం నెలకి 40,000, అందులో బేసిక్ 20,000. మా దగ్గర సెలవుల ఏడాది జనవరి నుంచి డిసెంబరు వరకు. సగం ఏడాదిలో చేరింది కాబట్టి ఆ ఏడాదికి ఆరు సీఎల్‌లు, ఆరు సిక్ లీవ్‌లు వచ్చాయి. ఈఎల్ నెలకి ఒకటింబావు.

ఆ ఆర్నెల్లలో రెండు సీఎల్‌లు వాడింది. దీపావళికి మూడు రోజులు ఇంటికెళ్లింది, అవి మాత్రం ఈఎల్‌లో పెట్టింది. ఎందుకమ్మా అంటే, "పోర్టల్లో మొదట అదే కనిపించింది సార్" అంది. నవ్వొచ్చింది గానీ అది నిజమే. మా పోర్టల్లో అక్షర క్రమంలో ఉండదు, హెచ్‌ఆర్ వాళ్లు ఏ క్రమంలో ఎక్కిస్తే ఆ క్రమంలో ఉంటుంది. డిసెంబరు 31 అర్ధరాత్రి నాలుగు సీఎల్‌లు కరిగిపోయాయి.

2025 సంక్రాంతికి మళ్లీ ప్రయాణం. ఆ ఏడాది భోగి సోమవారం, జనవరి 13. పండగ మంగళవారం, ఆఫీసుకి ఎలాగూ సెలవు. కనుమ బుధవారం. గోదావరి జిల్లాల పిల్ల కనుమ రోజున హైదరాబాద్‌లో ఉండదు కదా. తొమ్మిదో తారీఖు రాత్రి బస్సెక్కి, 10 శుక్రవారం, 13 సోమవారం, 15, 16, 17 తారీఖులు మొత్తం ఐదు రోజులు సెలవు పెట్టి, 19 ఆదివారం రాత్రి తిరుగు బస్సెక్కింది. ఐదు సెలవులకి ఇంట్లో పది రోజులు. ఆ లెక్క ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఇక్కడే శాండ్‌విచ్ రూల్ అనే దాని గురించి చెప్పాలి. సెలవుకీ సెలవుకీ మధ్య ఇరుక్కున్న శని, ఆదివారాల్ని, పండగ సెలవుని కూడా కొన్ని కంపెనీలు సెలవు కిందే లెక్కేస్తాయి. ఆ లెక్కలో పదో తారీఖు నుంచి పదిహేడు వరకు ఎనిమిది రోజులూ కోతకి వస్తాయి. ఐదు కాస్తా ఎనిమిది అవుతుంది. మా కంపెనీలో ఆ రూలు లేదు కాబట్టి ఆ పిల్ల బతికిపోయింది. ఫ్యాక్టరీల చట్టమైతే ఈ విషయంలో స్పష్టంగా ఉండేది. సెలవు మధ్యలో వచ్చినా, అటూ ఇటూ వచ్చినా పండగలు, వారాంతపు సెలవులు ఆర్జిత సెలవులో కలపకూడదని రాసి ఉండేది. ఆఫీసుల్లో మాత్రం ఎవరి పాలసీ వాళ్లది. చేరిన వారంలోనే పాలసీలో 'ఇంటర్వీనింగ్ హాలిడేస్' అనే మాట కోసం వెతకండి. శాండ్‌విచ్ అని ఎక్కడా రాసి ఉండదు, ఈ పేరుతోనే దాక్కుని ఉంటుంది.

సంక్రాంతి ఐదు రోజులు ఈఎల్‌లో పెట్టడంలో ఆమె తప్పేమీ లేదు. మా దగ్గర వరుసగా మూడు రోజులు మించి సీఎల్ ఇవ్వరు, సీఎల్‌నీ ఈఎల్‌నీ ఒక సెలవులో కలపనివ్వరు. చాలా ప్రైవేటు కంపెనీల్లో ఈ నిబంధన ఎందుకుందో వాళ్లకే తెలియదు. నాకు తెలిసి ఇది ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చిన అలవాటు. అక్కడి నిబంధనల్లో సీఎల్ అసలు సెలవే కాదు. సీఎల్ మీద ఉన్న ఉద్యోగి డ్యూటీలో ఉన్నట్టే లెక్క. డ్యూటీనీ సెలవునీ కలపలేరు కాబట్టి సీఎల్‌ని మరో సెలవుతో కలపరు. ప్రైవేటు వాళ్లు కారణాన్ని వదిలేసి నిబంధనని మాత్రం తెచ్చుకున్నారు.

మే నెలలో అన్నయ్య పెళ్లి, మూడు రోజులు. అవీ ఈఎల్. ఆగస్టులో బ్యాంకు పనిమీద ఒక రోజు, అదీ ఈఎల్. సీఎల్‌లు మాత్రం ఏడాది మొత్తం మీద నాలుగే వాడి, మిగిలిన ఎనిమిదీ అవసరానికి ఉంటాయని పదిలంగా దాచింది. "అమ్మ చెప్పింది సార్, ఎప్పుడు ఏ అవసరం వస్తుందో అని." అమ్మ చెప్పింది డబ్బు విషయంలో సరైన మాటే. సీఎల్ విషయంలో తలకిందులైంది.

లెక్క తేల్చుదాం

పద్దెనిమిది నెలలకి నెలకి ఒకటింబావు చొప్పున ఆమె సంపాదించిన ఈఎల్ 22.5 రోజులు. వాడింది దీపావళికి మూడు, సంక్రాంతికి ఐదు, పెళ్లికి మూడు, బ్యాంకుకి ఒకటి, మొత్తం పన్నెండు. మిగిలింది 10.5 రోజులు.

అవే సెలవుల్ని కాస్త ఆలోచించి పెట్టి ఉంటే? సంక్రాంతి ఐదూ ఈఎల్‌లోనే పెట్టాలి, తప్పదు. దీపావళి మూడూ 2024లో మిగిలిపోయిన నాలుగు సీఎల్‌లలో సరిపోయేవి. పెళ్లి మూడు రోజులూ, బ్యాంకు ఒక రోజూ 2025 సీఎల్‌లలో హాయిగా పట్టేవి. ఇంట్లో గడిపిన రోజుల్లో ఒక్కటీ తగ్గదు. ఈఎల్ మాత్రం 17.5 మిగిలేది. తేడా ఏడు రోజులు.

ఏడు రోజులు అంటే ఎంత డబ్బు? దీనికి సూటిగా జవాబు లేదు, ఎందుకంటే రోజు జీతం అంటే ఏమిటన్నది కంపెనీని బట్టి మారుతుంది. బేసిక్‌ని ముప్ఫైతో భాగించే కంపెనీలో రోజుకి 667 రూపాయలు, ఏడు రోజులకి 4,667. బేసిక్‌నే ఇరవై ఆరుతో భాగించే చోట రోజుకి 769, ఏడు రోజులకి 5,385. మొత్తం జీతాన్ని ముప్ఫైతో భాగించే పుణ్యాత్ముల దగ్గర రోజుకి 1,333, ఏడు రోజులకి 9,333. మాది మొదటి రకం. ఆమెకి 10.5 రోజులకి 7,000 రూపాయలు వచ్చాయి. వచ్చి ఉండాల్సింది 11,667.

ఇదే కంపెనీ మీరు జీతం లేని సెలవు పెట్టినప్పుడు కోసేది మాత్రం మొత్తం జీతం మీద. అంటే ఆమె ఒక రోజు మానేస్తే 1,333 కోత, ఒక రోజు సెలవు తిరిగిస్తే 667 రాబడి. అందువల్ల ఒక్క సెలవు కూడా వాడకుండా డబ్బు చేసుకుందామనుకునేవాళ్లకి బేసిక్ లెక్క ఉన్న కంపెనీలో ఇంట్లో కూర్చోవడమే లాభం. సెలవులో ఉన్న రోజు పూర్తి జీతం వస్తుంది, అమ్ముకున్న రోజుకి సగం వస్తుంది. నేను ఇది చెప్పినప్పుడల్లా మా మేనేజర్ గారు దగ్గేవారు.

బేసిక్‌ని కావాలని తక్కువ చూపించే చోట ఆ సగం కూడా రాదు. 40,000 జీతంలో బేసిక్ 14,000 అని రాస్తే రోజుకి 467. కొత్త కోడ్‌లలో వేతనం అనే మాటకి ఇచ్చిన నిర్వచనం దీన్ని కొంత సరిచేస్తుంది. నిర్వచనం బయట పెట్టిన అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలోనే కలిపి లెక్కించాలి. అలా చూస్తే ఆ 14,000 స్థానంలో 20,000 అవుతుంది.

జబ్బు చేసిన రోజు

సిక్ లీవ్ గురించి ఒక విషయం మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఎక్కువగా దెబ్బతీసేది తక్కువ జీతం వాళ్లని. నెలకి 21,000 లోపు జీతమైతే మీ పేస్లిప్‌లో ఈఎస్‌ఐ కోత కనిపిస్తుంది, జీతంలో 0.75 శాతం. యజమాని 3.25 శాతం కడతాడు. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఈఎస్‌ఐ సగటు రోజువారీ వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు నేరుగా చెల్లిస్తుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, కొత్తగా చేరినవాళ్లకి ఆ డబ్బు మొదటి రోజు నుంచి రాదు. చేరిన రోజు నుంచి తొమ్మిది నెలలు గడిచాకే మొదటి లబ్ధి కాలం మొదలవుతుంది. జూలై 1న చేరితే ఏప్రిల్ 1 దాకా ఆగాలి. ఈలోపు ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది గానీ, మానేసిన రోజులకి నగదు రాదు. ఆ తొమ్మిది నెలలూ మీకున్న అండ ఆఫీసు ఇచ్చిన సిక్ లీవే.

18,000 జీతంతో బట్టల షోరూమ్‌లో పనిచేసే కుర్రాడికి డెంగీ వచ్చి పది రోజులు మంచాన పడ్డాడనుకోండి. అప్పటికి ఏడాది దాటింది, అర్హత ఉంది. ఈఎస్‌ఐలో మొదటి రెండు రోజులు వెయిటింగ్ పీరియడ్, వాటికి డబ్బు లేదు. మిగిలిన ఎనిమిది రోజులకి రోజుకి 600లో 70 శాతం, అంటే 420 చొప్పున 3,360 రూపాయలు. అదే పది రోజులూ సిక్ లీవ్ పెడితే పూర్తి 6,000 జీతం. జీతంతో సెలవులో ఉన్న రోజుకి ఈఎస్‌ఐ ఇవ్వదు, రెండూ ఒకే రోజుకి తీసుకోలేరు. కాబట్టి చిన్న జబ్బుకి సిక్ లీవ్, అది అయిపోయేంత పెద్ద జబ్బుకి ఈఎస్‌ఐ. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ మాత్రం మొదటి రోజు నుంచే తీసి పెట్టుకోవాలి. పది రోజులు అనుకున్నది నలభై రోజులైనప్పుడు వెనక్కి వెళ్లి తెచ్చుకోవడం చాలా కష్టం.

సిక్ లీవ్ మిగిలిందని డిసెంబరులో జ్వరం తెచ్చుకునేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. పేరోల్ డెస్క్ నుంచి చూస్తే డిసెంబరు 26 నుంచి 31 దాకా ఊరంతా జ్వరాలే.

'ఇప్పుడొద్దులే' అన్న మేనేజరు

ఈఎల్ విషయంలో నేను చూసిన పెద్ద నష్టం పోర్టల్లో జరగదు, కాఫీ మిషన్ దగ్గర జరుగుతుంది. ఉద్యోగి మొహమాటంగా అడుగుతాడు, "సార్, వచ్చే వారం ఊరికి వెళ్దామనుకుంటున్నాను." మేనేజరు భుజం తడతాడు, "క్లయింట్ డెలివరీ ఉంది కదా, ఇప్పుడొద్దులే, తర్వాత చూద్దాం." ఉద్యోగి అసలు దరఖాస్తే పెట్టడు. ఏడాది చివర్లో బ్యాలెన్స్ గరిష్ఠ పరిమితి దాటుతుంది, దాటిన రోజులు మాయమవుతాయి.

ఫ్యాక్టరీల చట్టంలో దీనికి ఒక మంచి విరుగుడు ఉండేది. కొత్త కోడ్‌లోనూ ఉంది. నిబంధన ప్రకారం అడిగినా నిరాకరించిన సెలవు పరిమితితో పనిలేకుండా మోసుకెళ్లొచ్చు. అయితే నిరాకరించినట్టు కాగితం మీద ఉండాలి. కాఫీ దగ్గర జరిగిన మాటకి సాక్ష్యం లేదు. కాబట్టి మేనేజరు నోటితో వద్దన్నా సరే, పోర్టల్లో దరఖాస్తు పెట్టండి. ఆయన చేత్తోనే రిజెక్ట్ నొక్కనివ్వండి. ఆ ఎర్ర అక్షరాల మెయిల్‌ని సొంత మెయిల్‌కి పంపుకోండి. ఇందులో మర్యాదకి లోటేమీ లేదు.

ఇంకో చిక్కు ముందస్తు జమ. కొన్ని కంపెనీలు జనవరి 1నే ఏడాది మొత్తం పదిహేను ఈఎల్‌లూ ఖాతాలో వేసేస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. మార్చిలో పన్నెండు వాడేసి జూన్ 30న మానేస్తే, అప్పటికి సంపాదించింది ఏడున్నరే కాబట్టి నాలుగున్నర రోజుల జీతం చివరి లెక్కలో వెనక్కి పట్టుకుంటారు. ఎన్‌క్యాష్‌మెంట్ వస్తుందనుకున్న చోట కోత వస్తుంది. పోర్టల్లో కనిపించే అంకె బ్యాలెన్సా, అప్పా అన్నది నెలల లెక్క వేసుకుంటేనే తెలుస్తుంది.

పన్ను, పీఎఫ్

ఉద్యోగంలో ఉండగా సెలవులు అమ్ముకుంటే వచ్చిన డబ్బు మొత్తం జీతం కిందే, పన్ను పడుతుంది. మానేసేటప్పుడో రిటైరయ్యేటప్పుడో తీసుకుంటే జీవితకాలంలో 25 లక్షల రూపాయల వరకు మినహాయింపు. ప్రైవేటు ఉద్యోగులకి ఇది 3 లక్షలుగా చాలా ఏళ్లు ఉండిపోయి, 2023 ఏప్రిల్ నుంచి 25 లక్షలైంది. రాజీనామా చేసినా వర్తిస్తుంది, కొత్త పన్ను విధానంలో ఉన్నా వర్తిస్తుంది. మన అమ్మాయి 7,000కి పన్ను లేదు. అయినా మా సాఫ్ట్‌వేర్ మొదట టీడీఎస్ లెక్కలోకి లాగేసింది, చూసి సరిచేశాను. మీ చివరి పేస్లిప్‌లో ఆ వరుస మీరే చూసుకోవాలి.

ఎన్‌క్యాష్‌మెంట్ మీద పీఎఫ్ కోయకూడదు. సుప్రీంకోర్టు 2008లో మణిపాల్ అకాడమీ కేసులో తేల్చేసిన విషయమిది. కోసినా మీ ఖాతాలోకే వెళ్తుంది కాబట్టి కొంపలేమీ మునగవు.

ఆఖరి రోజు

మానేసిన రోజు నుంచి రెండు పనిదినాల్లో వేతనాల లెక్క తేల్చి ఇవ్వాలని కొత్త వేతన కోడ్ చెబుతోంది. నలభై ఐదు రోజులు అని పాత పాలసీలో రాసి ఉన్న కంపెనీలు ఇంకా ఆ పేజీ మార్చలేదు. ఆ అమ్మాయి లెక్క నేను ఆఖరి రోజునే మొదలుపెట్టాను. కాగితం మీద రెండు గీతలు గీసి, ఒక పక్క వచ్చింది, ఒక పక్క వచ్చి ఉండాల్సింది రాసి చూపించాను. చాలాసేపు చూసింది. "నాలుగువేల ఆరొందలు సార్. మా నాన్నకి మోటారు రిపేరుకి సరిపోయేవి" అంది. నేనేమీ అనలేదు.

ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. కొత్త కంపెనీలో పాలసీ మొత్తం చదివిందట. అక్కడ సెలవుల ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకట. జనవరిలో చేరినందుకు ఇచ్చిన మూడు సీఎల్‌లూ మార్చి 31కి పోతాయి.

"ఈసారి ఉగాది మార్చి 19, గురువారం సార్. ఆఫీసుకి సెలవు. శుక్రవారం ఒక్క సీఎల్ పెట్టేశాను. ఈఎల్ ముట్టుకోలేదు."

"ఇంటర్వీనింగ్ హాలిడేస్ చూశావా?"

"పదిహేడో పేజీలో ఉంది సార్. సెలవు ఒక్క పక్కే ఉంటే లెక్కెయ్యరట. సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఉంటాను."